తెర మీద 124, చేతిలో 114.75: ఒక సీఐఎస్ఏ సీపీఈ ఫైలు తనిఖీ

2024 నవంబరు మధ్యలో ఈ ఫైలు తెరిచేటప్పటికి దాని యజమానికి దిగులేమీ లేదు. ఐసాకా సంస్థ సమాచార వ్యవస్థల ఆడిటర్లకు ఇచ్చే సర్టిఫికెట్ సీఐఎస్ఏ. అది నిలవాలంటే సీపీఈ, అంటే నిరంతర వృత్తి విద్య, గంటలు చూపాలి. ఐసాకా ఖాతాలో 2022కి 51, 2023కి 47, 2024కి 26 గంటలు నమోదై ఉన్నాయి. మొత్తం 124. కావలసింది 120. ఏ సంవత్సరమూ 20కి తగ్గలేదు. వార్షిక రుసుము కూడా ఏటా కట్టారు. మూడేళ్ల చక్రం ముగియడానికి ఇంకా ఆరు వారాలున్నాయి కాబట్టి పని అయిపోయినట్టే అనిపించింది.

ఒక్కో గంటకూ ఆధారం తీసి లెక్కేస్తే నిలిచింది 114.75.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. హైదరాబాదులో బ్యాంకులు, ఐటీ సంస్థలు, సీఏ సంస్థల ఐఎస్, అంటే సమాచార వ్యవస్థల, ఆడిట్ బృందాల్లో పదే పదే కనిపించే లోపాలను ఒకే ఫైలులోకి చేర్చిన కేసు. మనిషీ అంకెలూ కూర్చినవి. నియమాలు మాత్రం ఐసాకా తన సీఐఎస్ఏల కోసం రాసుకున్న సీపీఈ విధానపత్రంలోవి. ఈ ఫైలు యజమానిని ఇక్కడ "ఆడిటర్" అనే అందాం. ఆవిడ ఒక ప్రైవేటు బ్యాంకు ఐఎస్ ఆడిట్ విభాగంలో పనిచేస్తారు. సీఐఎస్ఏ వచ్చింది 2021 ఆగస్టులో. 2023 మొదట్లో ఉద్యోగం మారారు. ఈ ఉద్యోగం మారడమన్నది తర్వాత లెక్కలో ముఖ్యమవుతుంది.

నియమం ఎంత

సీఐఎస్ఏ నిలవాలంటే మూడేళ్ల చక్రంలో 120 సీపీఈ గంటలు, అందులో ఏ సంవత్సరమైనా కనీసం 20 ఉండాలి. సంవత్సరమంటే జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు. సర్టిఫికెట్ ఏ నెలలో వచ్చినా చక్రం మాత్రం తర్వాతి జనవరి 1నే మొదలవుతుంది. అందుకే 2021 ఆగస్టులో సర్టిఫికెట్ వచ్చినావిడ చక్రం 2022 నుంచి 2024 దాకా. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచి ఆ డిసెంబరు 31 దాకా సంపాదించిన గంటలుంటే వాటిని మొదటి సంవత్సరం ఖాతాలో చూపుకోవచ్చు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియక వదిలేస్తారు. ఈ ఫైలులోనూ వాడుకోలేదు.

రెండు షరతులూ విడివిడివి. ఒక ఏడు 80 గంటలు చేసి, మరుసటి ఏడు 12 చేస్తే మొత్తం ఎంత దాటినా ఆ 12 దగ్గర లోటు లోటే. 120 దాటిన మిగులు తర్వాతి చక్రానికి పోదు. గంటలతో పాటు ఏటా నిర్వహణ రుసుము కూడా కట్టాలి. ఐసాకా సభ్యులకు 45 డాలర్లు, కానివారికి 85. రుసుము కట్టిన రసీదు చూసి పునరుద్ధరణ అయిపోయిందనుకునేవాళ్లు తక్కువేం కాదు. అది సగం పని మాత్రమే.

ఈ కేసులో చిక్కు మాత్రం ఈ నియమాల దగ్గర లేదు. ఖాతాలో కనిపించే అంకె మనం టైపు చేసిన అంకె. అది మన దావా. దాన్ని ఐసాకా ఆమోదించిందని అర్థం కాదు. ఏటా కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి, నమోదు చేసిన గంటలకు ఆధారాలు పంపమంటారు. అప్పటిదాకా ఎవరూ అడగరు. కాబట్టి అడిగేవాళ్లలాగే మనమే ముందు కూర్చుని అడగాలి. ఆ పని డిసెంబరులో కాకుండా నవంబరులోనే చేయడానికి కారణం ఒకటే. లోటు తేలితే పూడ్చుకోవడానికి రోజులు మిగలాలి.

గంట అంటే 50 నిమిషాలు, సభ అంటే సభ మొత్తం కాదు

2024లో పెద్ద పద్దు రెండు రోజుల సదస్సు. రోజూ ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5:30 దాకా. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు అని ఆడిటర్ రాసుకున్నారు. సర్టిఫికెట్‌లో "రెండు రోజుల సదస్సులో పాల్గొన్నారు" అని ఉంది గానీ ఎన్ని గంటలో లేదు. సర్టిఫికెట్ మీద గంటలుంటే ఆ అంకే వాడాలి. లేనప్పుడు కార్యక్రమ పత్రం తీసి నిమిషాల్లో లెక్కించాలి.

ఐసాకా లెక్కలో 50 నిమిషాల చురుకైన భాగస్వామ్యం ఒక సీపీఈ గంట. భోజనం, టీ విరామాలు తీసేయాలి. పావుగంట మెట్లలో, అంటే 0.25 చొప్పున నమోదు చేయవచ్చు. మొదటి రోజు మొత్తం 480 నిమిషాలు. అందులో భోజనం 60, రెండు టీ విరామాలు కలిపి 30. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, స్పాన్సర్ల పరిచయం అన్నీ కలిపి 50 నిమిషాలు. ఈ చివరి 50ని తీసేయాలా వద్దా అని కొందరు వాదిస్తారు. విద్యాంశం లేని సమయాన్ని విద్యాగంటగా చూపడం నిలవదని మా అభిప్రాయం, అందుకే తీసేశాం. మిగిలింది 340 నిమిషాలు, 50తో భాగిస్తే 6.8, కిందికి దించితే 6.75. రెండో రోజు విరామాలు 90, ముగింపు సభ 40 పోగా 350 నిమిషాలు, సరిగ్గా 7. రెండు రోజులకూ కలిపి 13.75. అంటే 16లో 2.25 పోయింది.

ఇక్కడ ఓ సంగతి గమనించాలి. 50 నిమిషాల గంట మనకు అనుకూలమే. విరామాలు నిజాయతీగా తీసేసినా రోజుకు దాదాపు ఏడు వస్తున్నాయి. చాలామంది రెండు పొరపాట్లూ ఒకేసారి చేసి, అంటే విరామాలు తీయకుండా, 60 నిమిషాలనే గంట అనుకుని, ఒకటి రెండోదాన్ని సరిచేస్తుందిలే అని ధీమాగా ఉంటారు. రోజు నిడివిని బట్టి, సన్మానాలు ఎంతసేపు సాగాయన్నదాన్ని బట్టి ఆ తేడా ఎటైనా మొగ్గుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో మొత్తం నిమిషాలు D2 గడిలో, తీసేయాల్సినవి E2 గడిలో పెట్టి ఈ సూత్రం వాడితే చేతిలెక్క తప్పదు:

```
=FLOOR((D2-E2)/50,0.25)
```

రోజుకో వరుస రాయాలి. రెండు రోజుల నిమిషాలూ కలిపి ఒకేసారి భాగిస్తే 690/50, అంటే 13.8, దించితే మళ్లీ 13.75 వస్తుంది. ఇక్కడ తేడా రాలేదు గానీ అన్నిసార్లూ ఇలాగే రాదు. పైగా ఒక రోజు మధ్యలో వెళ్లిపోతే ఆ రోజు వరుస ఒక్కటే మార్చుకోవచ్చు.

నమోదు చేసుకున్న మెయిలు, హాజరైన రుజువు

తర్వాతి పద్దు, నాలుగు ఉత్పత్తి కంపెనీల వెబినార్లు. ఒక్కోటి 60 నిమిషాలు. 60ని 50తో భాగిస్తే 1.2, దించితే 1. నాలుగింటికి 4 రాశారు, లెక్క సరే. కంపెనీలు తమ ఉత్పత్తి గురించి చెప్పే ఇలాంటి కార్యక్రమాలకు ఏడాదికి 10 గంటల పరిమితి ఉంది. దానిలోపే ఉన్నారు, అదీ సరే. ఆధారాలు తీస్తే మూడింటికి హాజరు సర్టిఫికెట్లున్నాయి. నాలుగోదానికి ఉన్నది "మీ నమోదు పూర్తయింది, ఈ లింకుతో చేరండి" అన్న మెయిలు.

అది వస్తానన్నదానికి రుజువు. వచ్చినదానికి కాదు. ఆడిటర్ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒక బ్రాంచి మేనేజరు బ్యాకప్ పరీక్ష జరిగిందనడానికి క్యాలెండర్ ఆహ్వానం చూపిస్తే ఆవిడే ఒప్పుకోరు. కంపెనీకి మెయిలు రాస్తే వాళ్ల హాజరు జాబితా తొంభై రోజులకే తొలగిపోయిందని జవాబొచ్చింది. ఒక గంట పోయింది, 3 నిలిచింది.

ఆధారంగా ఏది చెల్లుతుందో విధానపత్రం స్పష్టంగానే చెప్తుంది. లేఖ కావచ్చు, పూర్తి చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ కావచ్చు, హాజరు పట్టిక కావచ్చు, ఐసాకా వారి హాజరు ధ్రువీకరణ ఫారం కావచ్చు. ఏదైనా మన సొంత మాట కాకుండా వేరొకరు ధ్రువీకరించినదై ఉండాలి. దాని మీద హాజరైనవారి పేరు, నిర్వహించిన సంస్థ పేరు, కార్యక్రమం పేరు, అందులో ఏం చెప్పారన్న వివరం, తేదీ, గంటలు ఉండాలి. ఎక్కువగా తప్పిపోయేవి రెండు: వివరం, గంటలు. సర్టిఫికెట్ మీద అవి లేకపోతే కార్యక్రమ పత్రం పీడీఎఫ్‌ను సర్టిఫికెట్ వెనకే జోడించి ఒకే ఫైలు చేసుకోవాలి. సదస్సు వెబ్‌సైటు మరుసటి ఏడాదికి మారిపోతుంది. అప్పుడు వెతికితే ఆ పత్రం దొరకదు. అందుకని హాజరైన వారంలోనే దించి పెట్టుకోవాలి.

ఆఫీసులో జరిగిన శిక్షణ

మూడో పద్దు బ్యాంకులో అంతర్గతంగా జరిగిన క్లౌడ్ నియంత్రణల శిక్షణ. 10:00 నుంచి 12:45 దాకా, మధ్యలో 15 నిమిషాల విరామం. 150 నిమిషాలు, సరిగ్గా 3 గంటలు. సంస్థలోపలి శిక్షణ కూడా చెల్లుతుంది, పరిమితి కూడా లేదు. చాలామంది బయటి సదస్సులకే డబ్బు పోసి ఆఫీసు శిక్షణను లెక్కలోకే తీసుకోరు.

ఆధారంగా ఆవిడ దాచుకున్నది 64 స్లైడ్ల ప్రెజెంటేషన్. రెండు చిక్కులున్నాయి. స్లైడ్లు చేతిలో ఉన్నంత మాత్రాన హాజరైనట్టు కాదు. అంతకంటే పెద్దది, అందులో బ్యాంకు నెట్‌వర్క్ పటాలున్నాయి. దాన్ని బయటి సంస్థకు ఆధారంగా పంపడమంటే సీపీఈ కోసం సమాచార భద్రతనే ఉల్లంఘించడం. శిక్షణ విభాగాన్ని అడిగితే రెండు రోజుల్లో లేఖ ఇచ్చారు. పేరు, శిక్షణ పేరు, ఐదు వాక్యాల్లో విషయసూచిక, తేదీ, మొదలూ ముగింపూ, విరామం, 3 సీపీఈ గంటలు. స్లైడ్లు ఫోల్డరులోంచి తీసేయించాం. 3 నిలిచింది.

లేఖ అడిగేటప్పుడు మనమే నమూనా రాసి పంపడం మేలు. శిక్షణ విభాగం తనంతట తాను రాస్తే "ఫలానావారు శిక్షణకు హాజరయ్యారు" అని ఒక్క వాక్యంతో వస్తుంది. దాన్ని మళ్లీ మార్పించుకోవడం మొదటిసారి అడగడం కంటే కష్టం.

చెల్లనిది, చెల్లాల్సింది

అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ కోర్సుకు 2 గంటలు రాశారు. ముద్ర, సంతకం, క్యూఆర్ కోడ్ అన్నీ ఉన్న చక్కని సర్టిఫికెట్ ఉంది. అయినా సున్నా. వర్డ్, ఎక్సెల్ లాంటి సాధారణ ఆఫీసు సాఫ్ట్‌వేర్ శిక్షణ చెల్లదని విధానపత్రంలో పేరుపెట్టి మరీ ఉంది. ఆడిటర్లు ఎక్సెల్‌తోనే రోజంతా గడుపుతారన్న వాదన వినడానికి బావుంటుంది గానీ నిలవదు. అలాగే రోజువారీ ఉద్యోగ బాధ్యతలు సీపీఈ కావు. కొత్త రకం ఆడిట్ ఒకటి చేసి ఎంతో నేర్చుకున్నా అది జీతానికి చేసిన పనే. ఇదే తర్కం సీఏలైన సీఐఎస్ఏలకూ వర్తిస్తుంది. సీఏల సంస్థ ఐసీఏఐ శాఖలో జరిగిన ఐటీ నియంత్రణల సెమినార్ సర్టిఫికెట్ ఇక్కడ కూడా చూపుకోవచ్చు. జీఎస్టీ సెమినార్‌ది మాత్రం అక్కడికే పరిమితం.

చివరి పద్దు దగ్గర లెక్క ఎదురు తిరిగింది. ఆగస్టులో ఐసాకా చాప్టర్, అంటే స్థానిక శాఖ, సమావేశంలో యాక్సెస్ సమీక్షల మీద, అంటే ఏ వ్యవస్థలోకి ఎవరికి ప్రవేశముందో చూసే తనిఖీల మీద, ఆవిడ 50 నిమిషాలు మాట్లాడారు. దానికి 1 గంట రాసుకున్నారు, వింటూ కూర్చున్నవాళ్లలాగే. మాట్లాడినవాళ్లకు లెక్క వేరు. ఒక ప్రసంగం మొదటిసారి ఇచ్చినప్పుడు దాని నిడివికి ఐదు రెట్లు వస్తుంది. ఎందుకంటే తయారీ సమయం కూడా అందులోనే కలిపారు. 50 నిమిషాలకు 5 గంటలు. 1 రాసిన చోట 5 రాయొచ్చు, 4 గంటలు ఊరికే వదిలేసుకున్నారు.

ఆధారంగా నిర్వాహకుల ఆహ్వానం, పేరూ సమయమూ ఉన్న కార్యక్రమ పత్రం, ప్రసంగం అయ్యాక వారిచ్చిన లేఖ ఉన్నాయి. ఆ లేఖలో "మొదటిసారి ఇచ్చిన ప్రసంగం" అన్న మాట ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ఆ సంగతి మన పట్టికలోనే రాసుకోవాలి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అదే ప్రసంగానికి మళ్లీ ఐదు రెట్లు రాసేసే ప్రమాదం ఉంది.

2023 సరే, 2022 దగ్గర ఆగాలి

2023లో చెప్పుకోవాల్సిందేమీ లేదు. సమాచార భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 27001 మీద ఐదు రోజుల లీడ్ ఆడిటర్ కోర్సు సర్టిఫికెట్ మీద 40 గంటలని స్పష్టంగా ఉంది. మిగిలిన 7 ఐసాకా సొంత వెబినార్లవి, సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. 47కి 47 నిలిచింది. కానీ ఒక్క కోర్సు మీదే సంవత్సరం అంతా ఆనుకోవడం మంచిది కాదని అనిపిస్తుంది. ఆ ఒక్క కాగితం పోతే ఆ ఏటి 20 కూడా పోతుంది.

2022 చిక్కుపడింది. అప్పటి సంస్థ ఇచ్చిన ఆన్‌లైన్ వేదికలో మూడు కోర్సులకు ఒక్కోదానికి 4 చొప్పున 12 గంటలు రాసుకున్నారు. స్వీయాధ్యయన కోర్సులు చెల్లుతాయి, గంటల పరిమితీ లేదు. అయితే అవి నిర్మాణబద్ధమైన కోర్సులై ఉండాలి, పూర్తి చేసినట్టు గంటలతో కూడిన సర్టిఫికెట్ ఉండాలి. యూట్యూబులో ఎంత మంచి ఉపన్యాసం విన్నా లెక్కకు రాకపోవడానికి కారణం ఇదే. ఈ మూడింటికీ అప్పుడు సర్టిఫికెట్ నొక్కితే వచ్చేది. దించుకోలేదు. 2023లో ఉద్యోగం మారగానే ఆఫీసు మెయిలుతో ఉన్న ఆ ఖాతా మూతపడింది.

పాత సంస్థ శిక్షణ విభాగానికి ఉద్యోగి సంఖ్య, కోర్సుల పేర్లు, నెలలతో మెయిలు రాయించాం. వేదిక నివేదిక తీసి పదకొండు రోజులకు లేఖ పంపారు. రెండు కోర్సులు పూర్తయినట్టు ఉంది. మూడోది 80 శాతం దగ్గర ఆగింది. చివరి పరీక్ష రాయలేదు. పూర్తి కాని కోర్సుకు 80 శాతం గంటలు అడగడం కుదరదు. కావలసింది పూర్తి చేసిన రుజువు. 12లో 8 నిలిచింది, 2022 మొత్తం 51 నుంచి 47కి దిగింది.

పాత సంస్థ జవాబివ్వకపోయి ఉంటే 12 గంటలూ పోయేవి. ఉద్యోగం వదిలే వారంలో నోటీసు గడువు, ల్యాప్‌టాప్ అప్పగింత, పీఎఫ్ కాగితాలతో పాటు ఈ సర్టిఫికెట్ల పని కూడా చేర్చుకోవాలి. సీపీఈ ఖాతాలన్నీ మొదటి నుంచీ సొంత మెయిలుతో తెరుచుకుంటే ఈ తిప్పలే ఉండవు. ఆఫీసు వేదికకు అది కుదరదు కాబట్టి అక్కడ కోర్సు ముగిసిన రోజే పీడీఎఫ్ దించుకోవాలి.

తేలిన లెక్క

| పద్దు | రాసినది | నిలిచినది |
|---|---|---|
| 2022 మొత్తం | 51 | 47 |
| 2023 మొత్తం | 47 | 47 |
| 2024 సదస్సు | 16 | 13.75 |
| 2024 కంపెనీ వెబినార్లు | 4 | 3 |
| 2024 ఆఫీసు శిక్షణ | 3 | 3 |
| 2024 ఎక్సెల్ కోర్సు | 2 | 0 |
| 2024 ప్రసంగం, రాసుకున్నట్టే | 1 | 1 |
| మొత్తం | 124 | 114.75 |

ప్రసంగాన్ని 5గా సరిదిద్దితే 118.75. ఇంకా 1.25 తక్కువ. 2024 ఒక్కదాన్నే చూస్తే 24.75, అంటే వార్షిక కనీసానికి ఇబ్బంది లేదు. మూడేళ్ల మొత్తం దగ్గరే లోటు. ఏడాదికేడాది 20 దాటిందా అని మాత్రమే చూసుకుంటూ పోయేవాళ్లకు ఈ లోటు కనపడదు. మూడు ఇరవైలు అరవై మాత్రమే.

1.25 లోటుకు రెండు వెబినార్లు చాలు. కానీ అంచు మీద ఆపడం సరికాదు. ఎవరైనా ఒక పద్దును కొట్టేస్తే మళ్లీ 120 కిందికి జారుతుంది, అప్పటికి సంవత్సరం ముగిసిపోయి ఉంటుంది. సన్మానాల సమయం లాంటి చోట్ల మన నిర్ణయం ఒకటి, తనిఖీ చేసేవాళ్లది మరొకటి కావచ్చు. మా లెక్క ప్రకారం 4 నుంచి 6 గంటల మిగులు పెట్టుకుంటే ఒక మధ్యస్థ పద్దు పోయినా తట్టుకోవచ్చు. అంతకు మించి చేస్తే అవి తర్వాతి చక్రానికి పోవు కాబట్టి జనవరిలో చేసుకోవడమే లాభం.

డిసెంబరు మొదటి వారంలో అరపూట వర్క్‌షాపు దొరికింది, 9:30 నుంచి 1:15 దాకా, టీకి 25 నిమిషాలు. 200 నిమిషాలు, 4 గంటలు. ఐసాకా వెబినార్లు రెండు, 2 గంటలు. మొత్తం 124.75 అయింది. మొదట తెర మీద ఉన్న అంకెకు దాదాపు సమానమే, ఈసారి ప్రతి పావుగంట వెనకా కాగితముంది. ఖాతాలో పాత నమోదులను నిలిచిన అంకెలకు దించారు, ఎక్సెల్ పద్దు తీసేశారు, ప్రసంగాన్ని 5కి పెంచారు. తగ్గించడానికి కొందరు వెనకాడతారు, అనుమానం వస్తుందని. నిలవని గంటను అలాగే ఉంచడం వల్ల వచ్చే అనుమానం కంటే అది పెద్దది కాదు.

చివరి వారాల్లో తేదీ విషయంలో ఒక జాగ్రత్త. లెక్కకు వచ్చేది కార్యక్రమం పూర్తయిన తేదీ, నమోదు చేసిన తేదీ కాదు. డిసెంబరు 29న మొదలెట్టిన స్వీయాధ్యయన కోర్సు జనవరి 2న ముగిస్తే ఆ సర్టిఫికెట్ 2025ది. లోటు పూడ్చడానికి అది పనికిరాదు.

ఎలా దాచాలి

ఆధారాలను చక్రం ముగిశాక ఇంకో 12 నెలలు ఉంచాలి. ఈ ఫైలుకైతే 2025 డిసెంబరు 31 వరకు, 2022 నాటి కాగితాలతో సహా. ఏడాదికో ఫోల్డరు, పద్దుకో పీడీఎఫ్, పేరులోనే తేదీ, గంటలు:

```
2024-08-10_talk-first_5.00.pdf
2024-09-20_conf-day1_6.75.pdf
2024-09-21_conf-day2_7.00.pdf
```

తేదీ ముందుంటే వరుస దానంతట అదే కుదురుతుంది. పేరులో గంటలుంటే పట్టికతో పోల్చడం నిమిషం పని. పట్టికలో కావలసినవి తేదీ, కార్యక్రమం, నిర్వాహకులు, మొత్తం నిమిషాలు, తీసేసినవి, గంటలు, ఏ రకం పద్దు, ఆధారం ఫైలు పేరు. "ఏ రకం పద్దు" అన్న నిలువు వరుస అలంకారానికి కాదు. కంపెనీ కార్యక్రమాలకు ఏడాదికి 10, మెంటరింగ్‌కు 10, వృత్తికి చేసిన సేవకు 20 గంటల పరిమితులున్నాయి, అవి దాటామా అని చూసుకోవడానికి అదొక్కటే దారి. ఇదంతా సొంత డ్రైవులో ఉండాలి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాదు. కారణం 2022 పద్దులోనే కనిపించింది.

మరో సర్టిఫికెట్ కూడా ఉన్నవాళ్లకు ఒక మాట. సీఐఎస్ఏతో పాటు ఐసాకాదే మరో సర్టిఫికెట్ సీఐఎస్ఎమ్ ఉంటే, విషయం రెండింటికీ సంబంధించినదైతే ఒకే గంటను రెండు చోట్లా చూపుకోవచ్చు. రెండింటి చక్రాలు వేర్వేరు జనవరుల్లో మొదలై ఉండొచ్చు కాబట్టి పట్టికలో రెండు వరుసలు పెట్టుకోవాలి. సీఐఎస్ఎస్‌పీ అనే సమాచార భద్రతా సర్టిఫికెట్ మాత్రం వేరే సంస్థది, అక్కడ గంటంటే 60 నిమిషాలే. ఈ సదస్సు మొదటి రోజు 340 నిమిషాలు ఇక్కడ 6.75 అయితే అక్కడ 5.5. ఇక్కడి అంకెను అక్కడికి ఎక్కించేస్తే అది తప్పు దావా. నిమిషాలను విడిగా రాసిపెట్టుకోమనడం ఇందుకే. నిమిషాలుంటే ఏ సంస్థ లెక్కకైనా మార్చుకోవచ్చు.

గంటలు చూపలేక సర్టిఫికెట్ రద్దయితే సీఐఎస్ఏ అని రాసుకోకూడదు. లింక్డ్ఇన్‌లో, మెయిలు సంతకంలో, ముఖ్యంగా బ్యాంకు టెండర్లకు ఆడిట్ సంస్థలు జతచేసే బృంద సభ్యుల వివరాల్లో. తిరిగి పొందాలంటే పరీక్ష మళ్లీ రాసి, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. ఇది ఆవిడ ఒక్కరి ఇబ్బందిగా ఆగదు. ఇద్దరు సీఐఎస్ఏలుండాలన్న టెండరులో ఒకరి పేరు చెల్లకపోతే సంస్థ దరఖాస్తే పక్కకు పోతుంది.

కొత్త చక్రం 2025 జనవరి 1న సున్నా నుంచి మొదలైంది. 4.75 మిగులు అక్కడికే ఆగిపోయింది. ఫిబ్రవరిలో ఇంకో సంస్థ అదే యాక్సెస్ సమీక్షల ప్రసంగం అడిగింది. రెండోసారి కాబట్టి ఐదు రెట్లు రావు, మాట్లాడిన 50 నిమిషాలకు 1 గంటే. మూడోసారి అదే ఇస్తే ఏమీ రాదు. క్లౌడ్ యాక్సెస్ చేర్చి విషయాన్ని గణనీయంగా మార్చి రాస్తేనే మళ్లీ లెక్కలోకి వస్తుంది. అప్పుడు పాత స్లైడ్లు, కొత్త స్లైడ్లు రెండూ ఫోల్డరులో ఉంచాలి, మార్పు ఎంతో చూపడానికి.